ఐదు పుస్తకాలు, ఒకే సాక్షి

పెందుర్తి నుంచి సింహాచలం ఎంతో దూరం కాదు. ఆ కొండ మీది దేవుణ్ణి ముఖం మీదే నిలదీసిన శతకం ఒకటుంది. గోగులపాటి కూర్మనాథకవి రాసిన సింహాద్రి నారసింహ శతకం. 18వ శతాబ్దపు రచన, సీసపద్యాలు. శత్రుసేన ఊళ్లు దోచుకుంటూ కొండ వైపు వస్తుంటే ఉలకవేం, పలకవేం అని కవి స్వామిని ఎత్తిపొడుస్తాడు, దెప్పుతాడు, రోషం తెప్పించడానికి చూస్తాడు. అప్పుడు గండుతుమ్మెదలు లేచి ఆ సేనను తరిమికొట్టాయని కథ. అక్కడి నుంచి కవి గొంతు మారుతుంది, నింద స్తుతిగా మళ్లుతుంది.

ఇంత కథ ఉన్న కావ్యం గదా, బోలెడు పరిశోధన జరిగి ఉంటుందనుకుని సిద్ధాంత వ్యాసానికి దీన్ని ఎంచుకున్నవాళ్లకు మొదటి గండం రెండో అధ్యాయంలోనే ఎదురవుతుంది. పూర్వ పరిశోధన సమీక్ష రాయాలి, రాయడానికి సరుకు లేదు. అచ్చంగా ఈ శతకాన్నే తీసుకుని చేసిన పని చాలా తక్కువ. దొరికేవన్నీ సాహిత్య చరిత్రల్లో ఒక పేరా, శతక సంపుటాల పీఠికల్లో ఓ పుట, క్షేత్ర మహిమ చెప్పే పుస్తకాల్లో తుమ్మెదల కథ. గైడు ‘సర్వే ఏదమ్మా?’ అంటే చూపించడానికి నాలుగు జిరాక్స్ కాగితాలు తప్ప ఏమీ ఉండవు.

ఇక్కడ చాలామంది చేసే పని ఒకటుంది. ఆ నాలుగు కాగితాల్నే నలభై పుటలుగా సాగదీస్తారు. కవి జీవితం, శతక లక్షణాలు, శతక వాఙ్మయ వికాసం అంటూ పాల్కురికి సోమనాథుడి నుంచి మొదలుపెడతారు. దాంతో అధ్యాయం నిండుతుంది కానీ మన శతకం గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు.

నా లెక్కలో, ఒక కావ్యం మీద పని తక్కువ జరిగిందంటే ఎవరూ ఏమీ రాయలేదని కాదు. రాసినవాళ్లు వేరే పేరుతో, వేరే శాఖలో, వేరే అవసరం కోసం రాశారని. కాబట్టి ముందు వెతుకులాట విస్తరించాలి, ఆ తరవాత దొరికినదాన్ని వడకట్టాలి. రెండోదే కష్టం.

వెతకడంలో మొదటి చిక్కు అక్షరాల దగ్గరే వస్తుంది. తెలుగులో నారసింహ, నరసింహ, నృసింహ అని మూడు రకాలుగా రాస్తారు. ఇంగ్లిషు అక్షరాల్లోకి వచ్చేసరికి కవి పేరే Kurmanatha, Koormanatha, Kurmanadha అవుతుంది. శతకం Satakam, Satakamu, Sathakam, Shatakamu అవుతుంది. స్కాన్ చేసి నెట్‌లో పెట్టిన పాత పుస్తకాలకు పేర్లు టైపు చేసినవాళ్లు తలో రకంగా కొట్టారు. ఒక్క రూపంతో వెతికి ‘ఏమీ లేదు’ అని తేల్చేస్తే కుదరదు. Shodhgangaలో కూడా శతకం పేరుతో వెతికితే దొరకనిది ‘అధిక్షేప శతకాలు’, ‘ఉత్తరాంధ్ర సాహిత్యం’, ‘విజయనగర సంస్థాన కవులు’ లాంటి పేర్ల కింద ఒక అధ్యాయంగా దొరకొచ్చు. పాత ఎం.ఫిల్. వ్యాసాలు చాలావరకు నెట్‌లోకి ఎక్కలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం లాంటి చోట్లకు వెళ్లి, థీసిస్‌ల జాబితా అడిగి, బీరువా దగ్గర నిలబడి తిరగెయ్యాల్సిందే. 1924లో మొదలైన భారతి పత్రిక, అంతకుముందరి ఆంధ్ర సాహిత్య పరిషత్పత్రిక సంచికల్లో వ్యాసాలతో పాటు సంపాదకులకు రాసిన లేఖల్నీ, పుస్తక సమీక్షల్నీ చూడాలి. చిన్న కవుల మీద తగువులు తరచు ఆ మూలల్లోనే జరిగాయి.

రెండో దారి, కావ్యం ఇరుగుపొరుగును పట్టుకోవడం. ఈ శతకానికి మంచి పొరుగులున్నాయి. భల్లా పేరకవి రాసిన భద్రగిరి శతకం కూడా దండయాత్ర నేపథ్యంలో దేవుణ్ణి నిలదీసినదే. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం వ్యాజస్తుతికి పేరు పొందింది. ఈ మూడింటినీ కలిపి చూసిన శతక చరిత్రకారులు వాటిని ఏ గంపలో వేశారో, ఎందుకు వేశారో గమనిస్తే అది కూడా విమర్శ సాహిత్యమే. ఇక గుడి చరిత్రకు కె. సుందరం 1969లో ఇంగ్లిషులో తెచ్చిన ‘ది సింహాచలం టెంపుల్’ ఉంది. అందులో శతకం గురించి వెతికేవాళ్లు సూచికలో కవి పేరు చూసి పుస్తకం మూసేస్తారు. కానీ ఆ పుస్తకం అసలు ఉపయోగం వేరు. గుడి పరిపాలన ఎలా సాగింది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది, ఏ కాలానికి ఎంత శాసనాధారం ఉంది అన్నది అందులో తెలుస్తుంది. ఆ నేపథ్యం లేకుండా కవి కోపం అర్థం కాదు.

ఇప్పుడు వడకట్టే పని. ఒక్క ప్రశ్ననే తీసుకుందాం: కవి చెబుతున్న ఆ దండయాత్ర ఎప్పటిది?

ఎక్కువమంది చెప్పే జవాబు 1753–54. నిజాం సలాబత్‌జంగ్ 1753లో ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్లకిచ్చాడు. అక్కడి ఫౌజ్‌దారు జాఫర్ అలీకి అది మింగుడుపడలేదు. మొదట విజయనగరం విజయరామరాజును కలుపుకున్నాడు. ఫ్రెంచివాళ్లు రాజును తమవైపు తిప్పుకోవడంతో నాగపూరు భోంస్లేలను పిలిచాడు. 1754లో మరాఠా రౌతులు ఈ ప్రాంతమంతా దోచుకున్నారు. శతకం పేర్కొన్న ఊళ్లు పొట్నూరు, భీమసింగి, జామి, చోడవరం. పటం ముందు పెట్టుకుంటే ఇవి సింహాచలానికి ఈశాన్యం నుంచి పడమటి దాకా వంపు తిరిగి కనిపిస్తాయి, పెందుర్తి ఆ వంపు లోపల పడుతుంది. ఇది తిన్నగా సాగే దండు బాట కాదు, చుట్టుపక్కల ఊళ్ల మీద పడి దోచుకునే గుంపుల తీరు. 1754 కథకు ఇది బాగానే అతుకుతుంది.

కానీ అతకడం వేరు, రుజువు కావడం వేరు. 1754 గొడవకు ఆధారాలుగా మూడు ఇంగ్లిషు పుస్తకాలు చూపిస్తుంటారు: 18వ శతాబ్దంలోనే రాబర్ట్ ఓర్మ్ రాసిన యుద్ధ చరిత్ర, 1869 నాటి కార్‌మైకేల్ విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907 నాటి ఫ్రాన్సిస్ గెజిటీర్. అధస్సూచికలో మూడింటినీ వరసగా పెడితే ముగ్గురు సాక్షులు వచ్చి చెప్పినట్టుంటుంది. ఆ కాలపు రాజకీయానికి తరవాతి ఇద్దరూ ప్రధానంగా ఆనుకున్నది ఓర్మ్‌నే. అంటే ముగ్గురున్నా ఈ ఘట్టానికి సాక్షి ఒక్కడే. తెలుగు సాహిత్య చరిత్రల సంగతీ అంతే. వీరేశలింగం ఆంధ్ర కవుల చరిత్ర, వంగూరి సుబ్బారావు శతక కవుల చరిత్ర, ఆ తరవాతి పీఠికలు, పాఠ్యపుస్తకాల పరిచయాలు, ఇవన్నీ ఒకటే మాట చెబితే అది ఏకాభిప్రాయమని మురిసిపోకూడదు.

ఎవరు ఎవర్ని చూసి రాశారో పట్టుకోవడానికి ఒక మోటు పద్ధతి ఉంది, బాగా పనిచేస్తుంది. పెద్ద కాగితం తీసుకుని, కవి కాలం, ఇతర రచనలు, కొలువు, దండయాత్ర తేదీ, తుమ్మెదల కథ అని నిలువు గళ్లు గీసి, అడ్డంగా ఒక్కో పుస్తకాన్నీ ప్రచురణ సంవత్సరం వరసలో రాయాలి. ప్రతి గడిలో ఆ రచయిత ఏమన్నాడన్నదొక్కటే రాస్తే చాలదు, దానికి ఏ ఆధారం చూపించాడన్నదీ రాయాలి. కొన్నాళ్లకు గళ్లు వాటంతట అవే మాట్లాడతాయి. ఒక సంగతి మొదట ఏ ఏడు, ఎవరి దగ్గర పుట్టిందో కనిపిస్తుంది. ‘అని తోచుచున్నది’ అన్న మాట పాతికేళ్ల తరవాతి పుస్తకంలో ‘అన్నది నిర్వివాదం’ అయి కూర్చోవడమూ కనిపిస్తుంది. ఒకే అచ్చుతప్పు, ఒకే తప్పు పద్య సంఖ్య ఇద్దరిలో ఉంటే ఇక అనుమానమే లేదు, రెండోవాడు మూలం తెరవలేదు. పద్యాన్ని సంఖ్యతో, ఏ ముద్రణ నుంచో చెప్పి చర్చించినవాడికి నేనైతే ఎక్కువ మార్కులేస్తాను, అతని నిర్ణయం నాకు నచ్చకపోయినా సరే.

ఇంకో వర్గం ఈ దండయాత్రను 16వ శతాబ్దం చివరి గోలకొండ సేనల కాలానికి తీసుకుపోతుంది. ఆలయ చరిత్రలు చెప్పేటప్పుడు ఈ తుమ్మెదల కథను అక్కడ అతికించడం కనిపిస్తుంది. దీన్ని తోసిపుచ్చే ముందు ఒకటి అడగాలి: ఇది నిలవాలంటే ఇంకేం నిజమవ్వాలి? కవి పూసపాటి ప్రభువుల ఏలుబడిలో ఉన్న ఆలయాల కొలువులో ఉన్నవాడని చెబుతారు, అది 18వ శతాబ్దానికి సరిపోయే మాట. కాబట్టి దండయాత్ర గోలకొండ నాటిదైతే, కవి తన కళ్లముందు జరుగుతున్నట్టు చెబుతున్నది నూటయాభై ఏళ్లు దాటిన జ్ఞాపకం కావాలి. అసాధ్యం కాదు, కానీ అలా అన్నవాళ్లు ఆ మాట విడమరిచి చెప్పాలి. చెప్పకపోతే ఆ పుస్తకాన్ని తేదీకి ఆధారంగా వాడకూడదు, గుడి తన కథను ఎలా చెప్పుకుంటుందన్నదానికి మాత్రం వాడొచ్చు. పుస్తకం పనికిరానిది కాదు, ఏ ప్రశ్నకు పనికొస్తుందన్నదే తేల్చుకోవాలి.

1754 వాదానికీ ఒక ముల్లుంది. దోచుకున్నది మరాఠాలైతే, శతకం గురించి రాసినవాళ్లు సాధారణంగా తురుష్క సేన అంటారేం? జాఫర్ అలీ మనుషులు కాబట్టా? లేక దండెత్తి వచ్చిన పరాయివాడికి ఆ కాలపు తెలుగులో అది వాడుక పేరా? ఇక్కడ సింహాచలంతో సంబంధం లేని పరిశోధన అక్కరకొస్తుంది. పూర్వపు ఆంధ్రదేశంలో హిందూ–ముస్లిం అస్తిత్వాలను శాసనాల్లో ఎలా చెప్పుకున్నారో సింథియా టాల్బట్ 1995లో ఒక వ్యాసం రాశారు. అందులో కూర్మనాథకవి ఉండడు. అయినా ‘తురకలు’ అన్న మాటను నేటి అర్థంలో చదివే ప్రమాదం నుంచి ఆ వ్యాసం కాపాడుతుంది. తుమ్మెదల విషయమూ అంతే. రాజస్థాన్‌లోని జీణ్ మాత గుడికీ ఇలాగే తేనెటీగలు ఔరంగజేబు సేనను తరిమాయన్న కథ ఉంది. అంటే తుమ్మెదల ఘట్టాన్ని జానపద కథాంశాల వెలుగులో చదివే దారి ఒకటి తెరుచుకుంది. సమీక్షకు మరో పదిహేను పుటల అసలు సరుకు అది.

శాసనాల గురించి ఒక జాగ్రత్త. సింహాచలం శాసనాలు దక్షిణ భారత శాసనాల 6వ సంపుటంలో, 1928లో అచ్చయ్యాయి. వాటిలో 18వ శతాబ్దపు దాడి ప్రస్తావన లేదని రాసి, కాబట్టి అది కల్పన అని తేల్చేసే తొందర కొందరికి ఉంటుంది. ఆ శాసనాల్లో అధికభాగం గంగులు, గజపతుల కాలాలవి. రాతి మీద దానాలు చెక్కించే అలవాటే సన్నగిల్లిన కాలంలో రాయి ఏమీ అనకపోవడం దేనికీ రుజువు కాదు. అదే మౌనం 1754 నాటి నాగపూరు మరాఠీ కాగితాల్లోనో, భీమునిపట్నం డచ్చివాళ్ల దస్తావేజుల్లోనో ఎదురైతే దానికి కొంత బరువుంటుంది. రోజువారీ సంగతులు రాసుకున్నవాళ్లు వాళ్లు.

మరాఠీ, డచ్చి రాని విద్యార్థి అక్కడ ఆగిపోవాల్సి వస్తే ఆగొచ్చు. ఎక్కడ ఆగాడో మాత్రం రాయాలి. ‘ఈ విషయంపై ఎవరూ పరిశోధించలేదు’ అన్న వాక్యం వైవా గదిలో నిలవదు, పరీక్షకుడు సంచిలోంచి ఒక పాత పత్రిక తీస్తే అయిపోయింది. ఫలానా గ్రంథాలయాల జాబితాల్లో, ఫలానా పత్రికల ఫలానా ఏళ్ల సంచికల్లో, ఈ ఈ పేర్ల రూపాలతో, ఫలానా నెల వరకు వెతికాను, తేదీ గురించి స్వతంత్రంగా వాదించిన వ్యాసం నాకు కనపడలేదు, తెలుగు, ఇంగ్లిషు తప్ప ఇతర భాషల ఆధారాలు చూడలేదు అని రాస్తే నిలుస్తుంది. ఆ పేరా కిందే గళ్ల కాగితాన్ని శుభ్రంగా పట్టికగా వేసి అనుబంధంలో పెడితే, తరవాత ఈ శతకం పట్టుకునేవాళ్లు మళ్లీ వీరేశలింగం దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు.