ప్రశ్నావళి పరిశోధనలో వివరణాత్మక సమాధానాల వడపోత: ఒక పరిశీలన

ప్రశ్నావళి చివర ఒక వివరణాత్మక ప్రశ్న చేర్చడం పరిశోధకులకు పరిపాటి. గడులను యాంత్రికంగా నింపే బాట్ సొంత మాటల్లో రెండు వాక్యాలు రాయలేదన్న నమ్మకం దీనికి ఆధారం. భాషా నమూనాలు అందుబాటులోకి వచ్చాక ఈ ఆధారం నిలవలేదు.

2023లో స్విట్జర్లాండ్‌లోని ఇ.పి.ఎఫ్.ఎల్. పరిశోధకులు మెకానికల్ టర్క్ వేదికపై 44 మందికి వైద్య పరిశోధన పత్రాల సారాంశాలను కుదించి రాసే పని అప్పగించారు. అది ప్రశ్నావళి కాదు గాని, ప్రశ్నావళులకు సమాధానదాతలు దొరికే చోటూ అదే. వారిలో 33 నుంచి 46 శాతం మంది భాషా నమూనాలను వాడి ఉంటారని ఆ అధ్యయనం అంచనా వేసింది. అంచనాకు రెండు ఆధారాలున్నాయి. ఒకటి, అదే పనిలో మనుషులు రాసినవీ నమూనా రాసినవీ చూపి శిక్షణ ఇచ్చిన గుర్తింపు సాధనం. రెండు, సమాధానం అక్షరమక్షరంగా టైపయిందా, ఎక్కడి నుంచో తెచ్చి అతికించారా అని తెలిపే కీబోర్డు నమోదు. వచనాన్ని మాత్రమే చూసి తీర్పు చెప్పకపోవడమే ఈ పద్ధతిలోని బలం.

బజారులో దొరికే గుర్తింపు సాధనాలకు అటువంటి ప్రత్యేక శిక్షణ ఉండదు. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు సాధనాలను పరీక్షించారు. ఆంగ్లం మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకు రాసిన వ్యాసాల్లో సగటున సగానికి పైగా యంత్రరచనలుగా లెక్కకు వచ్చాయి. పదసంపద పరిమితంగా ఉంటే తర్వాతి పదాన్ని ఊహించడం సులువు. ఆ ఊహకందే తనాన్నే సాధనం యంత్రలక్షణంగా భావించింది.

ఈ ప్రమాదం తెలుగు ప్రశ్నావళికీ వర్తిస్తుంది. 'మీ ఊరి గ్రంథాలయానికి చివరిసారి వెళ్ళినప్పుడు ఏం జరిగింది?' అని అడిగారనుకుందాం. 'పోయిన నెల పోయినాను, తాళం ఉండె' అన్న సమాధానంపై అనుమానం రాదు. 'గ్రంథాలయాలు విజ్ఞాన భాండాగారాలు, సమాజ వికాసానికి తోడ్పడతాయి' అన్నది ప్రశ్నను తప్పించుకుని సాధారణ సత్యాలు చెబుతోంది కనుక యంత్రానిదనిపిస్తుంది. అయితే బడిలో వ్యాసరచన నేర్చిన విద్యార్థి కూడా అచ్చంగా ఇలాగే రాస్తాడు. (ఈ వాక్యాన్ని జవాబుపత్రాల్లో చూడని అధ్యాపకులు అరుదు.) శైలిని బట్టి కొట్టివేస్తే బాట్ కంటే ముందు ఆ విద్యార్థే బయటికి పోతాడు.

కీబోర్డు నమోదుకూ పరిమితి ఉంది. ఫోన్‌లో నోటితో చెప్పి రాయించినా, వేరే చోట లిప్యంతరీకరణ చేసి తెచ్చుకున్నా వాక్యం ఒక్కసారిగా వచ్చి పడుతుంది. పైగా మన విశ్వవిద్యాలయాల్లో విరివిగా వాడే గూగుల్ ఫామ్స్ సమర్పించిన సమయాన్ని మాత్రమే చూపుతుంది; నింపడానికి పట్టిన వ్యవధి గాని, అతికింపు జాడ గాని అందులో ఉండవు. అక్కడ వడపోత సేకరణకు ముందే మొదలు కావాలి. లింకును అందరికీ పంచకుండా తెలిసిన జాబితాకే పంపాలి. కొట్టివేత నియమాన్ని ముందే రాసిపెట్టాలి. అనుమానం కలిగినచోట సమాధానదాతకు ఫోన్ చేసి అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. ఎన్ని సమాధానాలు తొలగించారో, వాటిని కలిపితే ఫలితం ఎలా మారుతుందో సిద్ధాంత గ్రంథంలోని పద్ధతుల అధ్యాయంలో చెప్పాలి.