12 రూపాయల డివిడెండ్, 300 రూపాయల ధర

ఒక షేరు ధర 300 రూపాయలు. కంపెనీ నిన్నగాక మొన్న పంచిన వార్షిక డివిడెండ్ షేరుకు 12 రూపాయలు. అంటే పెట్టిన డబ్బు మీద చేతికొచ్చేది నూటికి 4. ఇంతకంటే ఎక్కువ వడ్డీ బ్యాంకు డిపాజిట్ మీదే వస్తుంది. అయినా ఆ షేరును 300 పెట్టి కొనేవాళ్లున్నారు. తన డబ్బు మీద ఏడాదికి 12 శాతం రాబడి కావాలనుకునేవాడు ఈ ధరకు సిద్ధపడ్డాడంటే, ఆ డివిడెండ్ ఏటా ఎంత చొప్పున పెరుగుతుందని నమ్ముతున్నట్టు? ఈ ప్రశ్నకు కచ్చితమైన జవాబు చెప్పే చిన్న సూత్రం ఒకటుంది. దాన్ని విప్పి, ఒక్కో భాగాన్నీ చేతిలోకి తీసుకుని చూడాలని నాకు చాలా కాలంగా ఉంది.

షేరు విలువ అంటే అది ముందుముందు ఇవ్వబోయే డివిడెండ్లన్నిటి నేటి విలువల మొత్తం. ఈ ఆలోచనను పూర్తి సిద్ధాంతంగా నిలబెట్టినవాడు జాన్ బర్ విలియమ్స్. ఆయన పుస్తకం 1938లో వచ్చింది. డివిడెండ్ ఏటా ఒకే రేటున పెరుగుతుందనుకున్నప్పటి రూపాన్ని 1956లో మైరన్ గోర్డన్, ఎలీ షపీరో ఒక వ్యాసంలో వాడుకలోకి తెచ్చారు. అందుకే దీన్ని గోర్డన్ మోడల్ అంటారు.

ముందు దాని నిర్మాణం చూద్దాం. వచ్చే ఏడాది అందే రూపాయి ఈ రోజు చేతిలో ఉన్న రూపాయితో సమానం కాదు. 12 శాతం రాబడి కోరేవాడికి ఏడాది తర్వాతి 112 రూపాయలు నేటి 100తో సమానం. కాబట్టి ఏడాది దూరంలో ఉన్న మొత్తాన్ని 1.12తో ఒకసారి భాగిస్తాం, రెండేళ్ల దూరంలో ఉన్నదాన్ని రెండుసార్లు, అలా ముందుకు పోతాం. మరోపక్క డివిడెండ్ ఏటా పెరుగుతూ ఉంటుంది. పెరుగుదల పైకి లాగుతుంది, కాలం కిందికి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లూ ప్రతి ఏడాదీ ఒకే పాళ్లలో ఉంటాయి గనుక, నేటి విలువల వరుస గుణశ్రేఢి అవుతుంది. ప్రతి పదం దాని ముందుదానికి ఒకే నిష్పత్తిలో ఉంటుంది.

పదో తరగతిలో శ్రేఢులు చదివినవాళ్లకు తర్వాతి అడుగు గుర్తుండే ఉంటుంది. వరుస మొత్తాన్ని ఆ సామాన్య నిష్పత్తితో గుణించి అసలు వరుస కింద రాస్తే, ప్రతి పదం ఒక్క గడి కుడికి జరిగి కూర్చుంటుంది. పైదానిలోంచి కిందిదాన్ని తీసేస్తే మొదటి పదం తప్ప అన్నీ జతలుగా కొట్టుకుపోతాయి. అంతులేని వరుసలో చివరికి మిగిలేది ఇంతే:

```
P = D1 / (k − g)
```

P షేరు ధర, D1 వచ్చే ఏడాది డివిడెండ్, k కోరే రాబడి, g వృద్ధి రేటు. అనంతమైన కాలం మొత్తం హారంలోని ఒక చిన్న తీసివేతలో ఇమిడిపోయింది. ఎన్నిసార్లు చేసి చూసినా, ఆ పదాలన్నీ కొట్టుకుపోయే క్షణం నాకు కొత్తగానే ఉంటుంది.

ఆ తీసివేతలోనే ప్రమాదమూ ఉంది. మన షేరుకు 12 శాతం రాబడినే ఉంచి వృద్ధిని మారుస్తూ పోదాం. వృద్ధి 6 శాతమైతే వచ్చే డివిడెండ్ 12.72, హారం 0.06, విలువ 212 రూపాయలు. 8 శాతమైతే 324. 10 శాతమైతే 660. 11 శాతం అనగానే 1332. వృద్ధి 12ను తాకితే హారం సున్నా అవుతుంది, దాటితే విలువ రుణసంఖ్యగా వస్తుంది. అలాంటప్పుడు ఆ జవాబుకు అర్థం లేదు. డివిడెండ్ల వరుస ఎప్పటికీ ఒక మొత్తానికి చేరదని, సూత్రం పనిచేసే హద్దు దాటామని తెలుసుకోవాలి. వృద్ధి షేర్లకు ఎంత ధరైనా తగినదే అనిపించే ఈ చిక్కును డేవిడ్ డ్యురాండ్ 1957లోనే సెయింట్ పీటర్స్‌బర్గ్ జూదపు పాత పజిల్‌తో పోల్చి చూపించాడు.

వృద్ధిని మనం ఊహించి లోపల వేస్తే, ఊహలో ఒక్క శాతం తేడా ధరను రెట్టింపు కూడా చేసేయగలదు. అందుకని సూత్రాన్ని వెనక్కి తిప్పుతారు. ధర మార్కెట్లో కళ్లెదుటే ఉంది కాబట్టి దాన్ని లోపల వేసి, వృద్ధిని బయటికి తీస్తారు. ఇది తర్వాత ఎవరో కనిపెట్టిన కిటుకు కాదు. గోర్డన్, షపీరోలు కూడా ధరను తెలిసినదిగానే తీసుకున్నారు. కాకపోతే వాళ్లు వెతికింది వృద్ధిని కాదు, వాటాదార్లు కోరే రాబడిని.

తిప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మన చేతిలో ఉన్నది ఇచ్చేసిన డివిడెండ్, 12 రూపాయలు. సూత్రంలో ఉన్నది రాబోయే డివిడెండ్. అందులో ఒక ఏడాది వృద్ధి అప్పటికే కలిసి ఉంది. అంటే మనం వెతికే g రెండు చోట్ల ఉంది, ఒకటి హారంలో, ఇంకొకటి లవంలో దాక్కుని. రెండింటినీ ఒక పక్కకు చేరిస్తే ఇలా తేలుతుంది (D0 అంటే ఇచ్చేసిన డివిడెండ్):

```
g = (P × k − D0) / (P + D0)
  = (300 × 0.12 − 12) / (300 + 12)
  = 24 / 312 = 0.0769
```

7.69 శాతం. ఇందులో ఏ సంఖ్య ఎందుకుందో చూస్తేనే దీని పనితనం కనిపిస్తుంది. 300 మీద 12 శాతం అంటే 36 రూపాయలు, కొన్నవాడు ఏడాదిలో కోరేది అదే. డివిడెండ్ ఉన్నచోటే ఉండిపోతే అందేది 12. లోటు 24. ఆ 24నూ వృద్ధే పూడ్చాలి. ఆ వృద్ధి దేని మీద పనిచేస్తుంది? డివిడెండ్ మీదా, దానితోపాటే పెరిగే షేరు ధర మీదా. అందుకే కింద 312 ఉంది. సరిచూద్దాం. డివిడెండ్ 12.92 అవుతుంది, ధర 23.08 పెరుగుతుంది, కలిపితే 36. పైసాతో సహా సరిపోయింది.

చాలామంది ఇక్కడే 12లోంచి 4 తీసేసి వృద్ధి 8 శాతం అని రాసేస్తారు. చూడ్డానికి దగ్గరగానే ఉంది. కానీ ఆ 8ని తిరిగి సూత్రంలో వేస్తే 300 రావాల్సిన చోట 324 వస్తుంది. తప్పు జరిగిందని చెప్పే పరీక్ష అదే. వెనక్కి తీసిన వృద్ధిని ముందుకు వేస్తే బయల్దేరిన ధర దగ్గరికే రావాలి. ఇచ్చేసిన డివిడెండ్‌తో లెక్క కట్టేటప్పుడు తీసివేత కుదరదు, భాగహారమే ఉండాలి. 1.12ను 1.04తో భాగించి చూడండి, 1.0769 వస్తుంది. సూత్రం గుర్తులేని రోజున నేను ఈ దారినే పోతాను.

ఆ 1.04లో ఇంకో సంగతి కూడా ఉంది. 12 శాతం రాబడీ 7.69 శాతం వృద్ధీ ఒకదాన్నొకటి కొట్టుకోగా మిగిలింది సరిగ్గా డివిడెండ్ ఇచ్చే 4 శాతమే. కాబట్టి మన వరుసలో ప్రతి పదం ముందుదాన్ని 1.04తో భాగిస్తే వస్తుంది. మొదటి ఏడాది డివిడెండ్ నేటి విలువ 11.54 రూపాయలు, రెండో ఏడాదిది 11.09, మూడో ఏడాదిది 10.67. ఇంత నెమ్మదిగా తరిగే వరుసలో పదేళ్లు కూడితే వచ్చేది 97 రూపాయలే. 300లో మిగతా 203 రూపాయలు పదేళ్ల అవతలి డివిడెండ్లకు ఇప్పుడే కడుతున్నాం.

వెనక్కి తిప్పినప్పుడు సూత్రం స్వభావమే మారిపోతుంది. ధర 10 శాతం పెరిగి 330 అయితే, అందులో దాగిన వృద్ధి 8.07 శాతం. 270కి పడితే 7.23. అటు ధరను గంతులేయించిన హారమే ఇటు వృద్ధిని కదలనివ్వడం లేదు. కానీ కోరే రాబడిని 12 బదులు 11 అనుకుంటే వృద్ధి 6.73 అవుతుంది, 13 అనుకుంటే 8.65. రాబడి ఎంత జరిపితే వృద్ధి దాదాపు అంతే జరుగుతుంది. రెండింటి మధ్య దూరం మాత్రం 4.3 దగ్గరే నిలిచి ఉంటుంది. నిజానికి ధర మనకు చెబుతున్నది ఆ దూరమే. దాన్ని వృద్ధిగా చదవాలంటే కోరే రాబడి ఎంతో మనం చెప్పాలి, అది ధరలో రాసి ఉండదు.

లోపల వేసే 12 రూపాయలను కూడా ఊరికే నమ్మకూడదు. మన కంపెనీలు డివిడెండ్‌ను ముఖ విలువ మీద శాతంగా ప్రకటిస్తుంటాయి. 600 శాతం డివిడెండ్ అని వార్త చదివి కళ్లు తిరగనక్కర్లేదు. ముఖ విలువ 2 రూపాయలైతే అది 12 రూపాయలే. మధ్యంతర, తుది డివిడెండ్లు రెండూ ఉంటే ఏడాదివన్నీ కలపాలి. ఒకటికి ఒకటి బోనస్ షేరు ఇచ్చాక ధర 150కి వస్తే, పాత డివిడెండ్‌ను కూడా 6కు తగ్గించుకోవాలి. 12నే ఉంచేస్తే వృద్ధి 3.7 శాతమని తేలుతుంది. బాగా నడుస్తున్న కంపెనీకి అలాంటి అంకె వస్తే ముందు బోనస్ తేదీ వెతకాలి. ఆ 12లో 4 రూపాయలు ఒక్కసారికి ఇచ్చిన ప్రత్యేక డివిడెండ్ అయితే, ఏటా వచ్చేది 8 మాత్రమే. అప్పుడు దాగిన వృద్ధి 9.09 శాతానికి ఎక్కుతుంది. చౌక అనుకున్న షేరు అంత చౌక కాదని తేలేది ఇలాంటిచోటే.

ఇక 7.69 ఎక్కువా తక్కువా అని తేల్చుకోవాలి. షేరుకు లాభం 30 రూపాయలనుకుందాం. 12 పంచి 18 లోపలే ఉంచుకుంది, అంటే నూటికి 60. వాటాదార్ల సొమ్ము మీద కంపెనీ సంపాదించే రేటును ఈ 60 శాతంతో గుణిస్తే, అది తన డబ్బుతోనే నిలబెట్టుకోగల వృద్ధి వస్తుంది. 7.69 రావాలంటే ఆ సంపాదన 12.8 శాతం ఉంటే చాలు. ఈ కంపెనీ 15 శాతం సంపాదిస్తోందనుకోండి, వృద్ధి 9 శాతం. 9ని ముందుకు వేస్తే విలువ 436 రూపాయలు. మరి 300కే దొరుకుతోందంటే మార్కెట్ పొరబడిందా?

ఆ మాట అనేముందు 9 శాతం ఎన్నేళ్లని అడగాలి. ఈ సూత్రంలో కొన్నేళ్ల వృద్ధికి చోటు లేదు, ఏ రేటు వేసినా అది శాశ్వతం. 9 శాతాన్ని పదేళ్లకే పరిమితం చేసి, ఆ తర్వాత 7 శాతం చొప్పున సాగుతుందని రెండు ముక్కలుగా లెక్కకట్టి చూశాను. మొదటి పదేళ్ల డివిడెండ్ల నేటి విలువ 104 రూపాయలు, ఆ తర్వాతివాటికి 196. కలిపితే దాదాపు 300.