ఫ్యాను పోయినా నీడ పోదు

కాకినాడలోని ఒక పాత ఇంటి హాలు ఫొటో నా దగ్గరికి వచ్చింది. ఆ ఇల్లు ఇప్పుడు లేదు కాబట్టి మళ్లీ వెళ్లి తీసే వీల్లేదు. మద్రాసు టెర్రస్ కప్పు అది. వరసగా టేకు దూలాలు, వాటి మధ్య అంచు మీద నిలబెట్టి ఏటవాలుగా పేర్చిన ఇటుకలు, వాటి మీద వెల్ల. ఫ్యాను, వేలాడే వైర్లు, ట్యూబులైటు తీసేసి తాతగారు కట్టించిన నాటి కప్పు చూపించమని ఆ ఇంటి మనవరాలు అడిగింది.

ఇలాంటి పనిలో చాలామంది ముందు ఫ్యాను మీద పడతారు. నేను దూలాలు లెక్కపెట్టాను. తొమ్మిది ఉన్నాయి. నాలుగు, అయిదు, ఆరు దూలాలను ఫ్యాను రెక్కలు అక్కడక్కడా కప్పేశాయి. ఒక్కో దూలం అంచును పట్టుకుని సన్నటి గీతలు పొడిగిస్తే అన్నీ ఎదురు గోడ మీద ఒకే చోట కలిశాయి. ఇల్లు కట్టేటప్పుడు సారవ ఎలాగో, నాకు ఆ గీతలు అలాగ. అవి విడిగా ఒక లేయరులో చివరిదాకా ఉండాలి. అవి లేకుండా చేత్తో అతికించిన దూలం, కొద్దిగా వంగినా చూసేవాళ్ల కంటికి ఇట్టే దొరికిపోతుంది.

వైర్లతో పెద్ద కష్టం లేదు. Clone Stamp తీసుకుని, పక్కనున్న ఇటుకల మీద Alt నొక్కి నమూనా పట్టి, వైరు ఒక కొస దగ్గర క్లిక్ చేసి, Shift పట్టుకుని రెండో కొస దగ్గర క్లిక్ చేస్తే తిన్నగా తుడిచేస్తుంది. వైరు దూలాన్ని దాటే చోట మాత్రం ఆగాలి. Healing Brush చుట్టుపక్కల రంగును కలుపుకుంటుంది కాబట్టి, నల్లటి టేకు అంచున వాడితే వెల్లలోకి మసి పాకినట్టు అవుతుంది. అంచుల దగ్గర Clone Stamp, మైదానంలో Healing Brush అన్నది నేను ఎప్పుడూ తప్పని నియమం.

దూలాలు కట్టడమే అసలు పని. ఏడో దూలంలో శుభ్రంగా ఉన్న ముక్క కోసి అయిదో దూలం ఖాళీలో పెట్టాను. కోసిన చోట దాని వెడల్పు 74 పిక్సెళ్లు, పెట్టాల్సిన చోట 62. అంటే 84 శాతానికి తగ్గించి, ఆ గీతలకు ఆనించి వంచాలి. ఇటుకల ఏటవాలు దిశ కూడా చూడాలి. ముక్కను అడ్డంగా తిప్పి అతికిస్తే ఇటుకలు ఎదురు దిక్కుకు వాలతాయి. ఇంకొక చిక్కు, టేకులో ఒక కన్ను ఉంటే అదే కన్ను రెండు దూలాల్లో కనబడుతుంది. దాన్ని వెంటనే చెరిపేయాలి. కిటికీ దగ్గరి ముక్క వెలుతురుగా ఉంటుంది కాబట్టి Curvesతో లోపలి చీకటికి తగ్గించాను.

ఫ్యాను పోయింది. వెల్ల మీద దాని నీడ మాత్రం మూడు రెక్కలుగా మిగిలింది. ట్యూబులైటు పట్టీ తీసేసినా గోడ మీద ఆకుపచ్చటి వెలుగు అలాగే ఉంది, పక్క దూలాల కడుపు కూడా మెరుస్తూనే ఉంది. దీపం లేకుండా వెలుగు ఎక్కడిది? ముందు Curves లేయరుకు ట్యూబు దగ్గర తెల్లగా, దూరం పోయేకొద్దీ నల్లబడే మాస్కు వేసి ఆ వెలుగును దించాను. తర్వాత కిటికీ పక్క గోడ రంగును తీసుకుని Color మోడులో పైన పూశాను. ట్యూబుకు ఆనుకున్న చోట గోడ పూర్తిగా తెల్లబడిపోయింది. అక్కడ దించడానికి వివరమే లేదు. వేరే గోడ ముక్క తెచ్చి అతికించాల్సిందే. ఎదురుగా ఉన్న అద్దపు ఫొటో ఫ్రేములో కూడా ట్యూబు సన్నటి గీతగా కనిపించింది. అది చివరిరోజు దాకా నా కంట పడలేదు.

పని ఎలా కుదిరిందో చూడడానికి పైన తాత్కాలికంగా మరో Curves లేయరు పెట్టి, గీతను బాగా నిటారుగా లాగుతాను. మామూలుగా కనిపించని అతుకులు అప్పుడు మచ్చల్లా బయటపడతాయి.

ఇంకా నిలిచి ఉన్న ఇంటిని ఫొటో తీసేవాళ్లకు ఇంత శ్రమ అక్కర్లేదు. కెమెరా ట్రైపాడ్ మీద కదలకుండా ఉండాలి, ట్యూబు ఆర్పాలి, ఫ్యాను ఆపాలి. ఒక ఫొటో తీసి, రెక్కలను చేత్తో 60 డిగ్రీలు తిప్పి ఇంకొకటి తీయాలి. మూడు రెక్కల ఫ్యాను అయితే మొదటి ఫొటోలో రెక్కలు కప్పినది రెండోదాంట్లో తేటగా ఉంటుంది. రెండూ కలిపితే మధ్యలోని మోటారు, రాడ్డు వెనక భాగం మాత్రమే మనం కట్టాలి.

ఆ మధ్య భాగమే ఈ ఫొటోలో నన్ను ఆపింది. రాడ్డు పైనున్న గిన్నె కింద ఏముందో ఫొటో చెప్పదు. మామూలుగా అయితే ఉత్త దూలం కట్టేసేవాణ్ణి. కానీ నాలుగో దూలానికి రెండు, ఆరో దూలానికి ఒకటి, మొత్తం మూడు ఇనుప కొంకులు కనిపించాయి. ఆరో దూలానికే, రెండో కొంకి ఉండాల్సిన దూరంలో, ఫ్యాను వేలాడుతోంది. మనవరాలికి ఫోన్ చేసి అడిగాను. “అక్కడ ఉయ్యాల బల్ల ఉండేదండీ. దాన్ని తీసేశాకే ఆ కొంకికి ఫ్యాను తగిలించారు” అంది. పక్క కొంకిని కోసి, నీడతో సహా, గిన్నె ఉన్న చోట పెట్టాను.