ఎడిటర్‌కు నాలుగు వాక్యాలు

పాశమైలారం, పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థజలాల మీద పరిశోధన పత్రం రాయడం ఒక పని. దాన్ని జర్నల్ ఎడిటర్ ముందు పెట్టే కవర్ మెయిల్ రాయడం మరో పని, అందులో చేయి తిరిగినవాళ్లంటే నాకు గొప్ప గౌరవం.

2007లో జోకిమ్ లార్సన్ బృందం ‘జర్నల్ ఆఫ్ హజార్డస్ మెటీరియల్స్’లో ప్రచురించిన పత్రాన్నే తీసుకుందాం. దానికి నేనైతే ఇలా రాస్తాను: “పటాన్‌చెరులో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని చూపాం. కొన్ని బ్యాక్టీరియాకు హాని చేసే మోతాదుకు ఇది వెయ్యి రెట్లకు పైన. పరిశ్రమల ప్రమాదకర వ్యర్థాల గురించి చదివే మీ పాఠకులకు, శుద్ధయిన నీరే మందుల కాలుష్యానికి మూలమని ఇది చెబుతుంది. ఈ పత్రం మరే జర్నల్ పరిశీలనలోనూ లేదు.”

మొదటి వాక్యంలోనే చోటు, పదార్థం, అంకె వచ్చేశాయి. దీనికి బదులు పత్రం సారాంశాన్ని తెచ్చి అతికిస్తే ఎడిటర్ దాన్ని రెండుసార్లు చదవాల్సి వస్తుంది. కష్టమైనది మూడో వాక్యం. అందులో “మీ ప్రతిష్ఠాత్మక జర్నల్” అని రాసి చూడండి, ఏ జర్నల్‌కైనా సరిపోతుంది. అంటే మన పత్రం అక్కడికే ఎందుకు వెళ్లాలో ఇంకా చెప్పలేదన్నమాట. ఇక, పరిశీలించింది ఒకే కేంద్రాన్ని గనక “దేశంలోని నదులన్నీ” అని సాగదీయకూడదు, సమీక్షకులు మొదట పట్టుకునేది దాన్నే.