ఖాళీగా ఉంచిన ప్రాజెక్టు

శనివారం సాయంత్రం ఆరున్నరకి మా కాలనీ గుడి మండపంలో భాగవత ప్రవచనం మొదలవుతుంది. గంటసేపు సాగి మంగళహారతితో ముగుస్తుంది. రెండు కెమెరాలు పెడతాను. గురువుగారి ఉత్తరీయానికి చిన్న కాలర్ మైకు తగిలిస్తాను. ఆదివారం పొద్దున ఆరింటికల్లా వీడియో ఛానెల్లో ఉండాలి. మోకాళ్ల నొప్పులతో గుడిమెట్లు ఎక్కలేని పెద్దవాళ్లు కాఫీ తాగుతూ దాన్ని చూస్తారు. కాస్త ఆలస్యమైతే ఫోన్లు మొదలవుతాయి. "ఏం బాబూ, ఇవాళ రాలేదే?" అని అడుగుతారు. వాళ్ల గొంతులో కోపం ఉండదు, ఎదురుచూపు ఉంటుంది. అందుకే మొదటి ఏడాదంతా శనివారం రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు.

ఒక శనివారం పక్కన నోటుపుస్తకం పెట్టుకుని, ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకుంటూ కూర్చున్నాను. మొత్తం ఆరు గంటల నలభై నిమిషాలు తేలింది. అందులో ఏది ఉంచాలి, ఏది తియ్యాలి అని నిజంగా విని ఆలోచించింది గంటన్నర. మిగతా ఐదు గంటలూ గతవారం చేసిందే మళ్లీ చేశాను. ఫోల్డర్లు తెరవడం, గుడి బొమ్మ వెతకడం, పేరు పట్టీ కట్టడం, రంగు సరిచెయ్యడం, గొంతు సరిచెయ్యడం, మౌసుతో కత్తెర పట్టుకోవడం. అదే మండపం, అదే వేదిక, అదే మనిషి, అదే మైకు. ప్రతివారం మొదటిసారి చూసినట్టే మొదలుపెడుతున్నాను.

మొదట తోచిన దారి అందరూ పట్టేదే. గతవారం ప్రాజెక్టుని కాపీ చేసి, అందులో కొత్త వీడియో పెట్టేశాను. పని తొందరగా అయింది. పొద్దున ఏడింటికి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ప్రహ్లాద చరిత్ర పోయినవారమే అయిపోయింది కదయ్యా, ఇవాళ కూడా అదే పేరు వేశావేం?" అన్నారు. కింద పట్టీలో పాత ఘట్టం పేరు, పాత తేదీ అలాగే ఉండిపోయాయి. రాత్రి ఒంటిగంటకి ఆ పట్టీ చూశాను కూడా. అందంగా, అక్షరదోషం లేకుండా, అసలైనదానిలాగే ఉంది కాబట్టి కన్ను దాటిపోయింది. మరోసారి టైమ్‌లైన్‌లో కుడివైపు చివరెక్కడో పాత వీడియో ముక్క ఒకటి మిగిలిపోయింది. యాభై నిమిషాల ప్రవచనం తరువాత ఇరవై నిమిషాల నల్లటి తెర ఎక్స్‌పోర్ట్ అయింది.

అప్పుడు కూర్చుని టెంప్లేటుని కొత్తగా, ఏ వారానికీ చెందనట్టుగా కట్టాను. నేను వాడేది ప్రీమియర్ ప్రో. సెకనుకి 25 ఫ్రేముల సీక్వెన్సు ఒకటి. అడుగు ట్రాకులో ప్రవచనం, దానిపైన పేరు పట్టీ, అన్నిటికన్నా పైన మూలలో గుడి గుర్తు. ముందు ఎనిమిది సెకన్ల ప్రారంభం, చివర మంగళహారతికి చోటు. మారవలసిన చోట్లలో నిజమైన మాటలేవీ ఉంచలేదు. ఘట్టం పేరు ఉండవలసిన చోట ఎర్రటి పెద్ద అక్షరాలతో "పేరు మార్చు" అని ఉంటుంది. తేదీ చోట "తేదీ మార్చు" అని ఉంటుంది. అది మార్చకుండా ఎంత నిద్రమత్తులోనైనా ఎవరూ దాటిపోలేరు. ఆ ఫైలుని రీడ్-ఓన్లీ చేసి పెట్టాను. తెరిచిన వెంటనే ఆ వారం తేదీతో వేరే పేరు పెట్టి సేవ్ చేసుకున్నాకే పని మొదలవుతుంది. టెంప్లేటులో ఏం పెట్టాలన్నదానికన్నా ఏం ఖాళీగా వదలాలన్నదే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

పట్టీల దగ్గర తెలుగువాళ్లకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. వొత్తులు విడిపోయి పక్కన నిలబడితే అది ఫాంటు తప్పనుకుని ఫాంట్లు మారుస్తూ పోతాం. చాలాసార్లు మార్చవలసింది Preferences లో Graphics కింద ఉండే Text Layer Engine. దాన్ని South Asian and Middle Eastern కి మార్చి పట్టీని కొత్తగా రాస్తే "కృష్ణ", "లక్ష్మి" సరిగ్గా కూర్చుంటాయి. ఇది టెంప్లేటు కట్టే రోజే చూసుకోవలసిన సంగతి.

ఇక ప్రీసెట్లు. రంగుకి ఒకటి, గొంతుకి ఒకటి చేసుకున్నాను. మొదట్లో రెండూ ఒక వారం పనిచేసి ఒక వారం పనిచెయ్యలేదు. తప్పు ప్రీసెట్టుది కాదని తెలియడానికి నెల పట్టింది. కెమెరాలో వైట్ బ్యాలెన్సు ఆటోలో ఉంది. గురువుగారు ఎర్ర శాలువా కప్పుకున్న రోజు కెమెరా ఒక లెక్క వేసుకుంటుంది, తెల్ల ఉత్తరీయం రోజు ఇంకో లెక్క వేసుకుంటుంది. ప్రీసెట్టు మాత్రం ఒకే దిద్దుబాటు చేస్తుంది. ప్రతివారం వేరే తప్పు వస్తుంటే ఒకే మందు ఎలా పనిచేస్తుంది? ఇప్పుడు అన్నీ చేత్తో బిగించేశాను. మా ట్యూబులైట్లకి వైట్ బ్యాలెన్సు 5600. కరెంటు 50 సైకిళ్లది కాబట్టి షట్టరు 1/50, దానితో తెరమీద చారలు పాకడం కూడా ఆగింది. కెమెరా స్టాండు కాళ్లు పెట్టేచోట నేలమీద పెయింటు చుక్కలు వేశాను. ఎడిటింగులో నాకు మిగిలిన సమయంలో సగం ఆ చుక్కల దగ్గరే మిగిలింది.

గొంతు ప్రీసెట్టు కథ ఇంకొంచెం లోతైనది. అందులో మొదట 80 హెర్ట్జ్ కింద ఉన్న గుమ్మనే మోతని తీసేసే ఫిల్టరు ఉంటుంది, తరువాత కంప్రెసరు ఉంటుంది. కంప్రెసరు ఒక గీత గీసుకుని, ఆ గీత దాటిన శబ్దాన్ని నొక్కుతుంది. ఆపైన మొత్తాన్ని కాస్త పైకెత్తుతుంది. ఆ గీత ఒకచోట నిలిచి ఉంటుంది. గొంతు వచ్చే మట్టం మాత్రం వారం వారం మారుతుంది. ఎవరి చెయ్యో తగిలి రికార్డరు మీద గెయిన్ నాబ్ కాస్త తిరిగిందనుకోండి, గొంతంతా ఎప్పుడూ గీత పైనే ఉంటుంది. నిరంతరం నొక్కుతూనే ఉంటుంది కాబట్టి గొంతు పల్చబడిపోతుంది, మాటకీ మాటకీ మధ్య ఫ్యాను చప్పుడు ఉబికి పైకి వస్తుంది. గురువుగారు ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఫ్యాను కూడా ఊపిరి తీసుకున్నట్టు వినిపిస్తే, ప్రీసెట్టుకి అందిన మట్టం తప్పని అర్థం. అందుకని ప్రీసెట్టు వెయ్యడానికి ముందు మొత్తం క్లిప్పు శిఖరాలు -12 డీబీ దగ్గరికి వచ్చేలా గెయిన్ సరిచేస్తాను. అర నిమిషం పని. అది చేశాక వేస్తే ఏ వారమైనా ప్రీసెట్టు ఒకేలా పలుకుతుంది.

బిగించినా లొంగని రోజులు ఉంటాయి. కార్తీకమాసంలో వేదిక ముందు దీపాలు బారులు తీరతాయి. కింద నుంచి నూనెదీపాల వెలుగు ముఖం మీద పడుతుంది. అలవాటు ప్రీసెట్టు వేస్తే ముఖం ఇటుకరంగుకి తిరిగింది. కంటికి నమ్మకం లేనప్పుడు నేను చూసేది ఉత్తరీయాన్ని. తెల్లబట్ట ఉన్నచోట RGB Parade లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉండాలి. ఆ రోజు ఎరుపు చాలా పైకి లేచి ఉంది. దాన్ని పూర్తిగా కిందికి దించితే దీపం వెలుగు ట్యూబులైటు వెలుగైపోతుంది. సగం దించి వదిలి, ఆ లెక్కని "కార్తీకం" అని ఇంకో ప్రీసెట్టుగా దాచుకున్నాను. ఏడాదికి నాలుగైదు వారాలే అక్కరకొస్తుంది.

కీబోర్డు సంగతికి వస్తే, నేను నేర్చుకున్న మీటలు చాలా తక్కువ. రెండు కెమెరాలనీ శబ్దం ఆధారంగా మల్టీకెమెరాగా కలిపేశాక, ఆడుతున్నప్పుడే 1, 2 నొక్కితే కెమెరాలు మారతాయి. తరువాత వినడం, కొయ్యడం. L రెండుసార్లు నొక్కితే వేగంగా పోతుంది, K ఆపుతుంది, J వెనక్కి తెస్తుంది. దగ్గు వచ్చిందనుకోండి. వాక్యం ముగిసినచోట ఆపి Ctrl+K నొక్కితే అక్కడ కోత పడుతుంది. తరువాతి వాక్యం మొదలయ్యేచోటికి వెళ్లి Q నొక్కితే, కోత నుంచి అక్కడివరకూ ఉన్నదంతా పోయి, మిగతాది ముందుకు జరిగి అతుక్కుంటుంది. ఇదే పని మౌసుతో ఎలా చేసేవాణ్నో ఒకసారి లెక్కపెట్టాను. కత్తెర తీసుకోవాలి, ఇక్కడ నొక్కాలి, అక్కడ నొక్కాలి, బాణం తీసుకోవాలి, ముక్కని పట్టుకోవాలి, చెరపాలి, ఖాళీ మూయాలి. ఒక ప్రవచనానికి ఇలాంటి కోతలు ఎనభై దాకా పడతాయి. టెంప్లేటులోని పట్టీలు, గుర్తు మాత్రం కోతలన్నీ అయ్యాకే వాటి చోట్లలో సర్దుతాను. ముందే సర్దితే ముక్కలు జరిగినప్పుడల్లా అవి ఎక్కడికి వెళ్లాయో వెతుక్కోవాలి.

Q ఉన్నట్టుండి పనిచెయ్యడం మానేస్తే కంగారు పడకండి. పట్టీలో తెలుగు రాసి, కీబోర్డుని తెలుగులోనే వదిలేసి ఉంటారు. Windows+Space నొక్కి ఇంగ్లీషుకి మార్చుకుంటే మళ్లీ పలుకుతుంది. నేను మొదటిసారి కంప్యూటరే పాడైందనుకుని రెండుసార్లు ఆపి తెరిచాను.

ఇలా ఆరు గంటల నలభై నిమిషాలు రెండున్నర గంటలకి దిగింది. వినే గంటన్నర మాత్రం తగ్గలేదు, తగ్గించాలనీ అనుకోలేదు. అయితే చేతికి వేగం వచ్చాక ఒక పొరపాటు చేశాను. అష్టమ స్కంధం, గజేంద్ర మోక్షం చెబుతున్న వారం. ఏనుగు బలం ఉడిగి, ఇక తనవల్ల కాదని తెలుసుకునే ఘట్టంలో గురువుగారు మాట ఆపేశారు. తొమ్మిది సెకన్లు ఏమీ మాట్లాడలేదు. మండపంలో ఎవరూ కదల్లేదు. నేను అక్కడే ఉన్నాను, నాకూ గొంతు పట్టేసింది. ఆ రాత్రి ఎడిటింగులో ఆ చోటు రాగానే వేళ్లు వాటంతటవే Ctrl+K, Q నొక్కేశాయి. తెరమీద శబ్దం గీత చదునుగా ఉంది. చదునుగా ఉంటే కొయ్యడం చేతికి అలవాటైపోయింది.

ఆదివారం సాయంత్రం గురువుగారు పిలిచారు.

"వీడియో చూశాను నాయనా. అంతా బాగుంది. అక్కడ నేను కాసేపు ఊరుకున్నాను కదా, అది ఏమైంది?"

"తీసేశానండీ. తెలియక తీసేశాను."

"పెట్టగలవా మళ్లీ?"

కోసిన ముక్క ప్రాజెక్టులో ఎక్కడికీ పోదు. B నొక్కి అంచు పట్టుకుని లాగితే తొమ్మిది సెకన్లూ తిరిగి వచ్చాయి. వీడియో మళ్లీ ఎక్కించాను, పాతదాని లింకు పంచుకున్నవాళ్లందరికీ కొత్తది పంపాను.

అప్పటినుంచి శనివారం మండపంలో కెమెరా పక్కన నోటుపుస్తకం ఉంటుంది. ఆయన మాట ఆపినప్పుడు కెమెరా గడియారం చూసి సమయం రాసుకుంటాను. ఇంటికొచ్చి, ఒక్క కోత కూడా వెయ్యకముందే క్లిప్పుని ఎంచుకుని, ఆ చోట్లన్నిటా M నొక్కి మార్కర్లు పెడతాను. కోస్తూ వచ్చి మార్కరు కనబడగానే చెయ్యి ఆపుతాను. మొన్నటి శనివారం పేజీలో మూడు పంక్తులున్నాయి. 12:05 దగ్గర "దగ్గు, తియ్యి". 26:50 దగ్గర "వెనక ఎవరిదో ఫోను, తియ్యి". 41:30 దగ్గర "ముట్టుకోకు".