ఏ మాట దగ్గర స్లయిడు మారాలి?

వెబినార్ స్క్రిప్టును చాలామంది ప్రసంగ పాఠంలా రాస్తారు. ఏం మాట్లాడాలో అందులో ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మీట నొక్కాలో ఉండదు. హాల్లో అయితే వక్త అటు తిరిగి చూస్తే చాలు, ల్యాప్‌టాప్ దగ్గరున్న మనిషి గ్రహిస్తాడు. ఆన్‌లైన్‌లో వక్త ఒక ఊళ్లో, స్లయిడ్లు నడిపేవారు మరో ఊళ్లో, ప్రశ్నలు చూసే సంధానకర్త ఇంకోచోట ఉంటారు. వాళ్ల మధ్య కనుసైగలకు వీల్లేదు కాబట్టి, ఆ పని కాగితమే చెయ్యాలి.

పత్తి రైతుల కోసం గులాబీ రంగు పురుగు మీద ఒక గంట వెబినార్ పెడుతున్నాం అనుకుందాం. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు పలికే మాటలు, కుడివైపు జరగాల్సిన పనులు రాస్తాం. టీవీ వాళ్లు ఎప్పటినుంచో వాడుతున్న పద్ధతే ఇది. కుడివైపు “లింగాకర్షక బుట్టల గురించి చెప్పాక స్లయిడు మార్చాలి” అని రాస్తే ఉపయోగం లేదు. చెప్పడం ఎక్కడ అయిపోయిందో అవతలి మనిషికి ఎలా తెలుస్తుంది? అందుకని సంకేతాన్ని ఒక వాక్యం చివరి మాటలకు ముడివెయ్యాలి.

ఎడమవైపు ఇలా ఉంటుంది: “బుట్టకు రోజుకు 8 చొప్పున, వరుసగా 3 రోజులు రెక్కల పురుగులు పడ్డాయంటే, ఇక మందు గురించి ఆలోచించాల్సిందే.” చివరి రెండు మాటల కింద గీత, వాటికి ఎదురుగా “స్లయిడు 7” అని ఉంటాయి. అంతకు ముందు వాక్యం పక్కన “7 సిద్ధం” అని రాసుకుంటే చెయ్యి మీట దగ్గరికి ముందే చేరుతుంది. గీత గీసిన మాటలను మాత్రం వక్త ఉన్నవున్నట్టు పలకాలి. మిగతాదంతా సొంత మాటల్లో చెప్పుకోవచ్చు. చదివినట్టు కాకుండా మాట్లాడినట్టు వినిపించడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు. ఒకే స్లయిడులో బొమ్మలు ఒక్కొక్కటిగా వస్తుంటే 7అ, 7ఆ అని ప్రతి నొక్కుకూ గుర్తు పెట్టాలి. నెట్ సరిగా అందని ఫోన్లలో కొత్త స్లయిడు కాస్త ఆలస్యంగా తేలుతుంది కనుక, మార్చిన తర్వాతి మొదటి వాక్యం బొమ్మ అవసరం లేనిదై ఉండాలి. వక్త మాటిమాటికీ “నెక్స్ట్ స్లయిడ్ ప్లీజ్” అంటున్నారంటే స్క్రిప్టులో సంకేతాలు లేవన్నమాట.

పోల్ దగ్గర ఎక్కువ శ్రద్ధ కావాలి. ప్రశ్నను జూమ్‌లో ముందే తయారుచేసి పెట్టుకోవచ్చు. కానీ దాన్ని తెరిచాక జవాబులు రావడానికి ముప్పావు నిమిషమో, నిమిషమో పడుతుంది. ఆ కాస్త సమయానికి మాటలు రాసుకోకపోతే వక్త తడబడతారు, లేదా జవాబే చెప్పేస్తారు.

మన పోల్ ప్రశ్న ఇది: “మీ చేలో 100 పూలు చూస్తే గుడ్డిపూలు ఎన్ని?” దానికి మూడు జవాబులు: 10 కంటే తక్కువ, 10 లేదా అంతకంటే ఎక్కువ, లెక్కపెట్టలేదు. రేకలు విచ్చుకోకుండా ముడుచుకుపోయిన పువ్వే గుడ్డిపువ్వని పోల్ తెరవకముందే చెప్పి, బొమ్మ చూపించాలి. తెరిచాక పోల్ పెట్టె ఫోన్ తెరను కప్పేస్తుంది. అప్పుడు ప్రశ్ననూ మూడు జవాబులనూ నిదానంగా రెండుసార్లు చదవడం, ఇంకా 20 సెకన్లు ఉందని చెప్పడం, ఇంతే రాసుకోవాలి.

ఆ తర్వాతి భాగాన్ని చాలామంది రాయనే రాయరు. ఎక్కువమంది లెక్కపెట్టలేదంటే చేలో ఎలా లెక్కించాలో చూపే స్లయిడు 8కి వెళ్లాలి. 10 లేదా అంతకంటే ఎక్కువ అన్నవాళ్లే ఎక్కువైతే నివారణ చెప్పే స్లయిడు 11కి నేరుగా వెళ్లాలి. రెండు దారులకూ మొదటి వాక్యం కాగితం మీద ఉండాలి. ఫలితం ఏదైనా తర్వాతి మాట మారదనుకుంటే ఆ పోల్ తీసెయ్యడమే మంచిది. జనం జవాబిచ్చాక దాన్ని పట్టించుకోకుండా ముందుకు సాగితే, రెండో పోల్‌కి ఎవరు నొక్కుతారు?

ప్రశ్నలను చివరికే వదిలేయకుండా మధ్యలో ఒకచోట, చివర ఒకచోట ఆగాలి. జూమ్‌లో ప్రశ్నల పెట్టె వేరు, చాట్ వేరు. జనం రెండింట్లోనూ రాస్తారు. సంధానకర్త రెండూ చూసి, ఏ మందు కొట్టాలని పదిమంది పది రకాలుగా అడిగినా ఒకే ప్రశ్నగా కలిపి చదవాలి. స్క్రిప్టులో “ప్రశ్నలు: 2, సమయం: 4 నిమిషాలు” అని ఉండాలి. దాని కిందే “గడియారం 38వ నిమిషం దాటితే స్లయిడు 13 వదిలేయాలి” అని ముందుగా నిర్ణయించి రాసుకుంటే, హడావిడిలో ముఖ్యమైనది తెగిపోదు.

అదే కార్యక్రమాన్ని యూట్యూబ్‌లో కూడా ఇస్తుంటే అక్కడివాళ్లకు జూమ్ పోల్ కనబడదు, కాబట్టి జవాబును చాట్‌లో రాయమని వక్త నోటితో చెప్పాలి. పైగా వాళ్లకు ప్రసారం కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా వెనకబడి అందుతుంది. ప్రశ్నల సమయం వచ్చాక అడగమంటే, వాళ్లు టైపు చేసేసరికి ఆ భాగం దాటిపోతుంది. “ఇప్పుడే రాసి ఉంచండి” అనే వాక్యాన్ని రెండు స్లయిడ్ల ముందే పెట్టి, మొదటి ప్రశ్నగా పేర్లు నమోదు చేసుకున్నప్పుడు వచ్చినవాటిలో ఒకటి తీసుకుంటే, ఆలోగా మిగతావి వచ్చి చేరతాయి.