27 కాయిల్స్ ఎందుకు చాలవు?

ఉక్కు రేకు కాయిల్‌ని నిలువుగా చీల్చి పట్టీలు తీసే స్లిట్టింగ్ మిషన్ ముందు నిలబడితే కత్తుల పదునే కళ్లకి కడుతుంది. నన్ను కట్టిపడేసిన పనితనం మాత్రం ఆ కత్తుల్ని ఎక్కడెక్కడ బిగించాలో తేల్చే లెక్కది.

అంచులు తీసేశాక కాయిల్ వెడల్పు 1200 మి.మీ. అనుకుందాం. కాయిల్స్ అన్నీ ఒకే పొడవువి. కావలసిన పట్టీలు: 500 మి.మీ.వి 20, 350వి 30, 280వి 40. ఒక్కో కాయిల్‌లో ఒకే సైజు కోస్తే వరసగా రెండు, మూడు, నాలుగు పట్టీలు వస్తాయి. సైజుకి 10 చొప్పున మొత్తం 30 కాయిల్స్ పడతాయి.

ఒకే కాయిల్‌లో సైజులు కలిపి కోస్తే ఇంకా తగ్గొచ్చు. ఇక్కడ మూడే సైజులు కాబట్టి అలాంటి అమరికలన్నీ కాగితం మీద రాసేయొచ్చు. సైజులు పెరిగితే అవి లక్షల్లోకి పోతాయి. 1961లో ఐబీఎంలో పనిచేస్తున్న పాల్ గిల్మోర్, రాల్ఫ్ గొమోరీ వాటిని రాయకుండానే మంచివాటిని ఏరే దారి చూపారు. ముందు ప్రతి పట్టీకీ ఒక ధర కడతారు. మన లెక్కలో 500 పట్టీ అర కాయిల్, 350ది మూడో వంతు, 280ది పావు. ఇక అడగాల్సింది ఒక్కటే: ఒక కాయిల్‌లోంచి కాయిల్ కంటే ఎక్కువ విలువ తీయగలమా? తీయగలం. ఒక 500, రెండు 350లు కలిపితే సరిగ్గా 1200, విలువ ఒకటీ ఆరో వంతు.

ఆ అమరికని చేర్చుకోగానే ధరలు మారతాయి. 500 అర కాయిల్ అయినప్పుడు మిగతా సగం రెండు 350లది, అంటే ఒక్కోటి పావే. మళ్లీ అడగండి. ఈసారి ఎలా కోసినా ఒకటిని మించదు. వెతుకులాట అక్కడితో ఆగుతుంది.

నాకు అన్నిటికంటే అందంగా అనిపించేది ఈ ఆగడమే. ఈ ధరల్లో ఆర్డర్ విలువ 10, 7.5, 10 కలిపి 27.5 కాయిల్స్. ఏ కాయిలూ ఒకటికి మించి ఇవ్వదు కనుక 27తో పని జరగదు. వెడల్పులన్నీ కూడితే 31,700 మి.మీ.; 1200తో భాగిస్తే 27 చాలుననే అనిపిస్తుంది. ఆ భ్రమని ధరలు తుడిచేస్తాయి.

కొత్త అమరిక 15 కాయిల్స్‌కి, 280లు 10కి, 500ల జత రెండున్నరకి అని లెక్క తేలుతుంది. అర కాయిల్ కోయలేం కాబట్టి రెండున్నర మూడవుతుంది, మొత్తం 28. ఇంతకంటే తగ్గదని రుజువైపోయింది. సైజులు ఎక్కువైనప్పుడు ఇలా పైకి సరిచేస్తే ఒకటో రెండో కాయిల్స్ అదనంగా పడొచ్చు. పైగా అమరిక మారినప్పుడల్లా మిషన్ ఆపి కత్తులు మళ్లీ బిగించాలి. ఆ సమయం ఈ లెక్కలో లేదు.

ఆ ఆఖరి కాయిల్‌లో మనకి కావలసింది ఒకే 500 పట్టీ. రెండో కోత మానేస్తే 700 మి.మీ. రేకు చీలకుండా తర్వాతి ఆర్డర్‌కి మిగులుతుంది.